"ఫేక్ అని అందరికీ తెలుసు కదా పిన్నీ!"

మా అక్క కొడుకు తొమ్మిదో తరగతి. వాడూ, వాడి స్నేహితులూ కలిసి క్లాసులో ఒక అబ్బాయి ఫొటోను ఏఐ యాప్‌లో పెట్టి మీమ్ చేశారు. స్కూల్లో గొడవైంది. క్లాస్ టీచర్ పిలిచి తిట్టింది, మా బావగారు ఫోన్ లాక్కున్నారు, అక్క రెండు పూటలు సరిగ్గా అన్నం తినలేదు. ఇంత జరిగినా తాను చేసిందాంట్లో తప్పేమిటో వాడికి అర్థం కాలేదు. "ఫేక్ అని అందరికీ తెలుసు కదా పిన్నీ, ఇంక వాడికేం నష్టం?" అని నన్నడిగాడు. మొండికేసి అడిగిన ప్రశ్న కాదది. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు.

తిట్టినవాళ్లెవరూ వాడి ప్రశ్నకు జవాబివ్వలేదు. "ఇంకొకళ్ల ఫొటో అలా వాడకూడదు, అంతే" అన్నారు. ఆ వయసు పిల్లలకు "అంతే" అంటే సరిపోదు. వాళ్ల తర్కం వాళ్లకుంటుంది. దాన్ని ఎదుర్కొని మాట్లాడకపోతే, దొరకకుండా చేయడం ఎలాగో నేర్చుకుంటారు తప్ప మానరు. అందుకే ఆ సాయంత్రం వాడితో మాట్లాడిన సంగతులు ఇక్కడ రాస్తున్నాను. రెండు కుటుంబాలూ సరేనన్నాకే రాస్తున్నాను, ఎవరినీ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను.

ముందు జరిగిందేమిటో చెప్పాలి. ఆ అబ్బాయి నిరుడు రాయలసీమ నుంచి బెంగళూరు వచ్చాడు. వాళ్ల నాన్న మారతహళ్లి వైపు కర్రీ పాయింట్ నడుపుతారు. కన్నడం ఇంకా రాలేదు, ఇంగ్లీషు వచ్చు గానీ గబగబా మాట్లాడలేడు. లెక్కల్లో మాత్రం గట్టివాడు. యూనిట్ టెస్టులో క్లాసుకే ఫస్టు వచ్చాడు. ఆ వారంలోనే మావాడి గ్యాంగుకు ఈ ఆలోచన వచ్చింది. స్పోర్ట్స్ డే గ్రూప్ ఫొటో తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో ఉంది. అందులోంచి ఆ అబ్బాయి ముఖం వరకు కత్తిరించారు. ఏఐ యాప్‌లో పెట్టి, పరీక్ష హాల్లో ఇన్విజిలేటర్ ఈ అబ్బాయి సాక్సులోంచి స్లిప్పు బయటికి లాగుతున్నట్టు బొమ్మ చెయ్యమని రాశారు. నిమిషం కూడా పట్టలేదు. అదే ముఖం, అదే యూనిఫాం, అదే టై. వెనక డెస్కుల మీద పిల్లలు తిరిగి చూస్తున్నారు. పైన "టాపర్ సీక్రెట్" అని రాసి అయిదారుగురున్న తమ గ్రూపులో పెట్టారు.

నేను ఆ బొమ్మను పెద్దది చేసి చూశాను. బోర్డు మీద అక్షరాలు ఏ భాషవీ కావు. ఇన్విజిలేటర్ చేతికి వేళ్లు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతున్నాయో తెలియదు. కింద మూలన ఆ యాప్ వేసిన చిన్న గుర్తు కూడా ఉంది. వెతికేవాళ్లకు అన్నీ కనిపిస్తాయి. కానీ ఫోన్‌లో బొటనవేలంత బొమ్మను ఒక్క క్షణం చూసి పైకి తోసేసేవాళ్లు ఎవరు వెతుకుతారు?

ఆ తర్వాతి ప్రయాణమే అసలు విషయం. గ్రూపులో ఒకడు దాన్ని సెక్షన్ గ్రూపులోకి పంపాడు. అక్కడ ఇంకొకడు వాట్సాప్‌లోనే దాన్ని స్టిక్కర్‌గా మార్చాడు. స్టిక్కర్ చేసినప్పుడు మనిషిని చుట్టూ కత్తిరించేస్తుంది కాబట్టి మూలనున్న ఏఐ గుర్తు పోయింది, "టాపర్ సీక్రెట్" అన్న మాటా పోయింది. ఎవరైనా మంచి మార్కులు వచ్చాయని చెప్పగానే ఆ స్టిక్కర్ పడేయడం మొదలైంది. మరొకడు అసలు బొమ్మనే పై రాత లేకుండా కత్తిరించి ట్యూషన్ గ్రూపులో పెట్టాడు. ట్యూషన్‌కు మూడు నాలుగు స్కూళ్ల పిల్లలు వస్తారు. అక్కడ ఒకమ్మాయి వాళ్లమ్మ అది చూసి, "మీ స్కూల్లో కాపీ కొడుతూ దొరికాడట కదా, వాడేనా ఈ అబ్బాయి?" అని ఇంకో తల్లిని అడిగింది. చేసిన వాళ్లెవరూ అలా అనలేదు. బొమ్మే అనిపించింది.

"అందరికీ తెలుసు అన్నావు కదా నాన్నా, ఆ అందరూ ఎవరు?" అని మావాణ్ణి అడిగాను. వాడి గ్రూపులో అయిదారుగురికి తెలుసు. సెక్షన్‌లో చాలామందికి తెలుసు. ట్యూషన్ గ్రూపుకు చేరేసరికి ఎవరికీ తెలియదు. జోకు అని చెప్పేది ఆ పైన రాసిన మాట, పెట్టినవాడి పేరు, ఆ గ్రూపులో అంతకుముందు నడిచిన నవ్వులు. ఫార్వర్డ్ అయ్యేది మాత్రం బొమ్మ ఒక్కటే. చుట్టూ ఉన్న నవ్వు దానితో రాదు. ఇంతవరకు వాడు ఒప్పుకున్నాడు. "అయితే ఫార్వర్డ్ చేసినోడిది తప్పు, నాది కాదు" అన్నాడు. అది వాడు బయటికి పోవడానికి వెతుక్కున్న దారి అని నాకు తెలుసు. అయినా న్యాయమైన ప్రశ్నే.

అందుకే ఫార్వర్డ్ సంగతి పక్కన పెట్టి, ఫేక్ అని పక్కాగా తెలిసినవాళ్ల దగ్గరికే వెళ్దామన్నాను.

2002లో కొందరు మానసిక శాస్త్రవేత్తలు ఇరవై మంది పెద్దవాళ్లతో ఒక ప్రయోగం చేశారు. వాళ్ల చిన్నప్పటి అసలు ఫొటోల మధ్య, వాళ్లు హాట్ ఎయిర్ బెలూన్‌లో ఎక్కినట్టు కలిపి చేసిన దొంగ ఫొటో ఒకటి పెట్టారు. వాళ్లలో ఎవరూ చిన్నప్పుడు బెలూన్ ఎక్కలేదని ముందే ఇంట్లోవాళ్ల ద్వారా కనుక్కున్నారు. ఆ ఫొటోలు చూపిస్తూ మూడుసార్లు కూర్చోబెట్టి మాట్లాడించారు. చివరికి సగం మంది ఎన్నడూ జరగని బెలూన్ ప్రయాణాన్ని కొంతో గొప్పో గుర్తు తెచ్చుకున్నారు. కొందరు వివరాలు కూడా చెప్పారు. తమ సొంత బాల్యం గురించే మనుషుల్ని ఒక ఫొటో అంత మోసం చేసింది. అదీ ఇప్పటి యాప్‌లు లేని రోజుల్లో.

"వాళ్లకు ఫేక్ అని చెప్పలేదు కదా" అని మావాడు వెంటనే పట్టుకున్నాడు. నిజమే, చెప్పలేదు. కానీ మనసు ఒక బొమ్మను దాచుకున్నంత బాగా, అది ఎక్కడ చూశాం, ఎవరు పెట్టారు, నిజమా కాదా అన్న సంగతుల్ని దాచుకోదు. బొమ్మ మిగులుతుంది, దాని పక్కన కట్టిన చీటీ ఊడిపోతుంది. వచ్చే ఏడాది మీ సెక్షన్ మారాక, ఆ అబ్బాయి పేరు వినగానే "వాడా, ఏదో కాపీ గొడవ అయింది కదా" అని ఎవరో ఒకరు అంటారు. అన్నవాడు అబద్ధం చెప్పాలని అనడు. వాడికి అలాగే గుర్తుంటుంది.

పైగా మావాళ్లు ఎంచుకున్న జోకు ఉత్తుత్తిది కాదు. ఆ అబ్బాయికి నిజంగానే ఫస్టు మార్కులు వచ్చాయి. కొత్తగా వచ్చినవాడు, సరిగ్గా మాట్లాడలేనివాడు ఫస్టు ఎలా వచ్చాడన్న అసూయ క్లాసులో అప్పటికే ఉంది. మీమ్ ఆ అసూయకు ముఖం ఇచ్చింది. వాణ్ణి గ్రహాంతరవాసిగా చూపించి ఉంటే నవ్వి మరిచిపోయేవాళ్లేమో. ఏది సగం నిజమనిపిస్తుందో అదే బాగా నవ్వు తెప్పిస్తుంది, అందుకే పిల్లలు అదే ఎంచుకుంటారు, అందుకే అదే అంటుకుంటుంది. నిప్పు లేనిదే పొగ రాదంటారు కదా. ఇప్పుడు పొగను యాప్ తయారుచేస్తుంది, నిప్పు ఎక్కడో ఉండే ఉంటుందని చూసినవాళ్లు అనుకుంటారు.

ఇక ఆ అబ్బాయి ఏం చేయగలడు? మాటతో వచ్చిన పుకారుకు మాటతో జవాబు చెప్పొచ్చు. ఎప్పుడు, ఏ పరీక్షలో, ఎవరు చూశారు అని ఎదురడగొచ్చు. బొమ్మకు ఎదురు బొమ్మ లేదు. "నేను కాపీ కొట్టలేదు" అనేదానికి ఫొటో ఎవరి దగ్గరైనా ఉంటుందా?

ఆ తర్వాత వచ్చిన పరీక్షలో ఏం జరిగిందో వాళ్ల క్లాస్ టీచర్ మా అక్కకు చెప్పింది. హాల్లోకి వచ్చిన ఆ పిల్లాడు కూర్చునే ముందు, ఎవరూ అడగకుండానే, వంగి రెండు సాక్సులూ మడమల దాకా మడిచాడట. ప్యాంటు జేబులు బయటికి లాగి చూపించాడట. వెనక బెంచీలో ఎవరో నవ్వారు. ఇన్విజిలేటర్ వేరే సెక్షన్ ఆవిడ, ఆమెకు ఏమీ తెలియదు. "ఏంట్రా ఇది, కూర్చో" అందట. నేను ఇది చెప్పినప్పుడు మావాడు మొదటిసారి తల దించుకున్నాడు. నేను దాన్ని ఇంకా లాగలేదు. వాడికి కనిపించాల్సింది కనిపించింది.

పక్కన కూర్చుని అంతా వింటున్న మా బావగారు మధ్యలో ఒక మాటన్నారు. "మా రోజుల్లోనూ పేర్లు పెట్టేవాళ్లం కదమ్మా. కోడి అని, బండోడు అని. ఎవరూ చచ్చిపోలేదు." పెద్దవాళ్లలో చాలామంది ఇలాగే అనుకుంటున్నారు, పైకి అనకపోయినా. మారుపేర్లు బాధపెట్టలేదని నేను అనను. పెళ్లిళ్లలో యాభై ఏళ్ల మనిషి ఆ పేరు వినగానే ముఖం మాడ్చుకోవడం మనం చూసిందే. అయినా మారుపేరుకు కొన్ని హద్దులుండేవి. పెట్టినవాడు నోరు తెరిచి పిలవాలి, పిలిస్తే ఎవరు పిలిచారో తెలిసేది, తిరిగి ఒక మాట అనడానికో రెండు దెబ్బలు వేయడానికో అవకాశముండేది. స్కూలు మారితే ఆ పేరు అక్కడే ఉండిపోయేది. అన్నిటికన్నా ముఖ్యం, "కోడి" అని పిలిచినంత మాత్రాన ఎవరూ మనిషిని కోడి అనుకోరు. ఈ మీమ్ అలా కాదు. చూసిన మనిషికి అది పేరు కాదు, జరిగిన సంఘటన.

మావాడి దగ్గర ఇంకో వాదన ఉంది, అది బాగుంది కూడా. "బ్రహ్మానందం ఫొటోలతో రోజూ మీమ్స్ వేస్తారు, ఆయనేమైనా ఏడుస్తున్నాడా?" అన్నాడు. తెలుగువాళ్లం మీమ్ లేకుండా పొద్దు పుచ్చని జనం, మనలో బ్రహ్మానందం ముఖం పంపనివాళ్లు అరుదు. కానీ ఆయన ఆ ముఖాలు నవ్వించడానికే పెట్టారు, కెమెరా ముందు, అదే వృత్తిగా. వందల సినిమాల్లో ఆయన్ని చూసిన మనకు ఒక మీమ్ ఆయన గురించి కొత్తగా ఏమీ చెప్పదు. ఈ పిల్లాణ్ణి పక్క సెక్షన్ పిల్లలు ఎప్పుడూ పలకరించలేదు. ట్యూషన్‌లో తల్లులకు వాడి పేరు కూడా తెలియదు. వాళ్లందరికీ వాడి గురించి తెలిసిన ఒకే ఒక్క సంగతి సాక్సులో స్లిప్పు. మిగతా జీవితమంతా తెలిసిన మనిషి మీద వేసే జోకు వేరు, జోకు తప్ప ఇంకేమీ తెలియని మనిషి మీద వేసేది వేరు.

"వాడు కూడా నవ్వాడు పిన్నీ. నవ్వే ఎమోజీ పెట్టాడు." పెట్టాడు. క్లాసంతా నవ్వుతుంటే కొత్తగా వచ్చిన పిల్లాడు ఇంకేం పెడతాడు? కోపం చూపిస్తే "జోక్ కూడా తీసుకోలేవా" అంటారు, ఊరుకుంటే నిజమే కాబోలు అంటారు. నవ్వడం ఒక్కటే వాడికి మిగిలింది. ఆ ఎమోజీని ఒప్పుకోలు కింద లెక్క వేయకూడదు.

చివరికి వాడు, "సరే, నేను డిలీట్ చేశాగా" అన్నాడు. ఇది చాలామంది పెద్దవాళ్లకు కూడా తెలియని విషయం కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. వాట్సాప్‌లో Delete for everyone అనేది పంపిన తర్వాత రెండు రోజుల చిల్లర వరకే పనిచేస్తుంది. అది కూడా ఆ గ్రూపులో, ఆ మెసేజ్ వరకే. ఈలోగా ఎవరైనా ఫార్వర్డ్ చేసిన కాపీ దాని దారిన అది ఉంటుంది. గ్యాలరీలో దాచుకున్నది ఉంటుంది. స్టిక్కర్ అయితే ఫేవరెట్స్‌లో పెట్టుకున్న ప్రతి ఫోన్‌లోనూ విడిగా ఉంటుంది. యాప్‌లో పెట్టిన ముఖం ఫొటో, రాసిన ప్రాంప్ట్ ఆ అకౌంట్ హిస్టరీలో ఉన్నాయి. మావాడు అది చూసుకోనే లేదు.

చట్టం వచ్చి తీసేస్తుందా? 2021 ఐటీ నిబంధనల్లో, ఒకరి ఫొటోను మార్ఫింగ్ చేసి వాళ్లలా చూపించారని బాధితుడు గానీ వాళ్ల తరఫున ఇంకొకరు గానీ ఫిర్యాదు చేస్తే గంటల వ్యవధిలోనే తొలగించే చర్యలు తీసుకోవాలని సోషల్ మీడియా కంపెనీలకు రాశారు. ఇన్‌స్టాలో బహిరంగంగా పెట్టిన పోస్టుకు అది పనికొస్తుంది. పిల్లల వాట్సాప్ గ్రూపులో ఏముందో కంపెనీకే కనిపించదు, ఇక నలభై ఫోన్లలోంచి స్టిక్కర్ ఎవరు ఏరుతారు? మైనర్ల నగ్న చిత్రాలు వ్యాపించకుండా ఆపడానికి టేక్ ఇట్ డౌన్ అని ఒక ఉచిత సేవ ఉంది. ఫొటో పంపక్కర్లేకుండా దాని డిజిటల్ వేలిముద్ర మాత్రమే తీసుకుని, చేరిన కంపెనీలకు ఇస్తుంది. అయితే అది ఆ తరహా చిత్రాల కోసమే. సాక్సులో స్లిప్పు బొమ్మను పట్టే సాధనం ఏదీ లేదు. నా బాధ ఇక్కడే. మరీ ఘోరమైనదానికి పోలీసులున్నారు, పోర్టల్ ఉంది, సెక్షన్లున్నాయి. ఇలాంటి "చిన్న" మీమ్‌ను వెనక్కి తీసుకోగలిగినవాళ్లు దాన్ని చేసిన పిల్లలు తప్ప ఎవరూ లేరు. అందుకే చిన్నదే కదా అని వదిలేయడానికి లేదు.

అది చిన్నదిగానే ఉండిపోతుందన్న భరోసా కూడా లేదు. ఒక ముఖం క్లాసులో మీమ్ ముఖంగా స్థిరపడ్డాక, దానితో ఏం చేసినా ఫర్వాలేదన్న ధైర్యం మిగతావాళ్లకు వస్తుంది. అది కత్తిరించి రెడీగా గ్రూపులో ఉంటుంది. ఇంకొకడు ఇంకో యాప్‌లో పెట్టి బట్టల్లేకుండా చేస్తే? ఆ క్షణంతో అది మీమ్ కాదు. 2019లో మార్చిన పోక్సో చట్టంలో, పిల్లల అశ్లీల చిత్రం అంటే కంప్యూటర్‌లో తయారుచేసినదీ, మార్పులు చేసి పిల్లలుగా కనిపించేలా చేసినదీ కూడా వస్తుంది. ఐటీ చట్టం 67బి కింద మొదటిసారికే అయిదేళ్ల వరకు జైలు, పది లక్షల వరకు జరిమానా. అలాంటివి డౌన్‌లోడ్ చేసి చూడటం నేరం కాదన్న మద్రాస్ హైకోర్టు తీర్పును 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు కొట్టేసింది. చేసినవాడికి పద్దెనిమిదేళ్లు నిండకపోతే కేసు జువెనైల్ జస్టిస్ బోర్డుకు వెళుతుంది తప్ప మాయమవదు. ఇది మావాణ్ణి భయపెట్టడానికి చెప్పలేదు, తెలియకపోతే రేపు ఆ గ్రూపులో అలాంటిది పడినప్పుడు "సాక్ష్యం" అనుకుని ఇంకొకరికి ఫార్వర్డ్ చేస్తాడని చెప్పాను. అలాంటిది వస్తే ఎవరికీ పంపకూడదు. ఏ గ్రూపు, ఎవరు పెట్టారు, ఎన్ని గంటలకు అన్నది రాసిపెట్టుకుని ఇంట్లో చెప్పాలి. పెద్దవాళ్లు cybercrime.gov.inలో గానీ, పిల్లల హెల్ప్‌లైన్ 1098కు గానీ చెప్పాలి.

"మేము అలాంటివాళ్లం కాదు" అన్నాడు. కాదని నాకూ తెలుసు. 2023 నవంబరులో రష్మిక ముఖాన్ని ఇంకో అమ్మాయి వీడియోకు అతికించిన డీప్‌ఫేక్ దేశమంతా తిరిగింది గుర్తుందా అన్నాను. ఆ కేసులో 2024 జనవరిలో ఢిల్లీ పోలీసులు ఒకణ్ణి పట్టుకున్నది మన గుంటూరు జిల్లాలో. పోలీసులు చెప్పినదాని ప్రకారం అతను ఆమె ఫ్యాన్ పేజీ నడిపేవాడు, ఫాలోయర్లు పెరగాలని చేశాడు. పగ లేదు, ద్వేషం లేదు. ఇష్టమే. చేసినవాడి మనసులో ఏముందన్నది ఆ బొమ్మలోకి రాదు. ఆ వీడియో మీద స్పందిస్తూ రష్మిక, ఇదే తాను స్కూల్లోనో కాలేజీలోనో ఉన్నప్పుడు జరిగి ఉంటే ఎలా తట్టుకునేదాన్నో ఊహించుకోలేనని రాసింది. వెనక కుటుంబం, అభిమానులు, పోలీసులు, పత్రికలు అన్నీ ఉన్న మనిషి ఆ మాట అన్నది. మన కర్రీ పాయింట్ అబ్బాయి వెనక ఎవరున్నారు?

ఆ ప్రశ్నకు వాడు జవాబు చెప్పలేదు గానీ, "ఇప్పుడేం చేయాలి?" అని అడిగాడు.

విడిగా వెళ్లి సారీ చెప్పడం వాడి మొదటి ఆలోచన. చెప్పమన్నాను, కానీ అది చాలదన్నాను. నష్టం జరిగింది వాళ్లిద్దరి మధ్య కాదు, చూసినవాళ్ల బుర్రల్లో. అందుకని చూసిన చోటే చెప్పాలి. మేమిద్దరం కూర్చుని ఒక మెసేజ్ రాశాం. ఆ బొమ్మను ఫలానా నేనూ, నా స్నేహితులూ ఏఐతో తయారుచేశాం, అలాంటిదేమీ జరగలేదు, అతని మార్కులు అతను కష్టపడి తెచ్చుకున్నవి, స్టిక్కర్ దాచుకున్నవాళ్లు తీసేయండి. ఇంతే. మళ్లీ బొమ్మ పెట్టలేదు, పెడితే ఇంకోసారి తిరుగుతుంది. "ఎవరైనా బాధపడి ఉంటే" అన్న మాట వాడు రాస్తే కొట్టేయించాను, బాధపడ్డవాడెవరో మనకు తెలుసు కాబట్టి. యాప్ హిస్టరీలోంచి ఆ ఫొటోను, ప్రాంప్ట్‌ను తీసేశాడు. సెక్షన్ గ్రూపు అడ్మిన్‌తో మాట్లాడి, ఎవరు పెట్టిన స్టిక్కరైనా సరే గ్రూపులోంచి తీయించాడు, అడ్మిన్‌కు ఆ వీలుంది. గ్యాంగులో ఇద్దరు మెసేజ్ కింద తమ పేర్లు పెట్టడానికి ఒప్పుకోలేదు. వాళ్ల పేర్లు లేకుండానే పంపాడు. కొన్నాళ్లకు స్టిక్కర్ ఇంకో గ్రూపులో కనిపిస్తే అక్కడా అదే మెసేజ్ పెట్టాడు.

మావాడు దగ్గరికి వెళ్లినప్పుడు ఆ అబ్బాయి సారీ గురించి పెద్దగా మాట్లాడలేదట. "ట్యూషన్ గ్రూపులో కూడా పెడతావా? అక్కడ ఆంటీలున్నారు" అని మాత్రం అడిగాడట. మావాడు ఆ గ్రూపులో లేడు. అక్క ట్యూషన్ టీచర్‌కు ఫోన్ చేసి, మావాడి పేరుతోనే ఆ మెసేజ్‌ను అక్కడ పెట్టించింది.